పులిహోర మధ్యలో ఒక లోపలి మాట

చాట్‌లో సరసం మొదలవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. స్నేహితురాలి పెళ్లిలో పరిచయం, ఫొటోలు పంపమని నంబరు తీసుకోవడం, ఆ ఫొటోల్లో ఒకదాని మీద చిన్న సెటైరు. మర్నాటి నుంచి పంచ్‌లు, మీమ్‌లు, ‘ఇంతకీ డీపీలో ఉన్నది నువ్వేనా’ అనే ఆరాలు. కుర్రకారు మాటల్లో చెప్పాలంటే ఇద్దరూ పులిహోర కలుపుతున్నారు. రెండు వారాలు హాయిగా గడుస్తాయి. మూడో వారానికి ఒకరి జోకులు ఒకరికి కంఠతా వచ్చేస్తాయి. ‘తిన్నావా’, ‘తిన్నా’, ‘ఏం చేస్తున్నావ్’, ‘ఏం లేదు’ దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఇలా ఆగినవాటిలో చాలా చాట్‌లు అక్కడే చల్లారిపోతాయి. కొన్ని మాత్రం ఒక్క మెసేజ్‌తో మలుపు తిరుగుతాయి. ఆ మెసేజ్ పొగడ్త కానక్కర్లేదు, ‘నువ్వంటే ఇష్టం’ అన్న ప్రకటనా కానక్కర్లేదు. తన గురించి తనకే కాస్త సిగ్గుగా అనిపించే ఒక చిన్న నిజం. సరసంలో ఇద్దరూ ముస్తాబైన ముఖాలనే చూపించుకుంటారు కాబట్టి, ఎంత చమత్కారం ఉన్నా ‘ఇది అందరితోనూ ఇలాగే మాట్లాడుతుందేమో’, ‘వీడికి ఇది టైంపాసేమో’ అన్న అనుమానం లోపల ఉంటూనే ఉంటుంది. లోపలి మాట ఆ అనుమానాన్ని తాకుతుంది. నవ్వడానికి వీలున్న ఒక విషయాన్ని నీ చేతిలో పెడుతున్నాను, నువ్వు నవ్వవని అనుకుంటున్నాను అని అనకుండానే అనడం అది. అయితే ఆ మాట పరిమాణం కొంచెం ఎక్కువైనా, వేళ కొంచెం తప్పినా సరసం కాస్తా సంజాయిషీలా మారిపోతుంది. అందుకని ఒక్క మెసేజ్‌నే దగ్గరగా పెట్టుకుని చూద్దాం.

వాయిస్ పంపని అబ్బాయి

అమ్మాయి హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి, అబ్బాయిది రాజమండ్రి, పని బెంగళూరులో అనుకుందాం. పెళ్లిలో కలిశారు, మూడు వారాలుగా మాట్లాడుకుంటున్నారు. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఆమె కౌంటర్ దగ్గర కస్టమర్లు పెట్టే తంటాల మీద వాయిస్ మెసేజ్‌లు పంపుతూ ఉంటుంది. అతను ఎంత పెద్ద సంగతైనా టైప్ చేసే పంపుతాడు. ఒక రాత్రి పదింటికి ఆమె ఆటపట్టించింది.

‘నేను ఇన్ని వాయిస్‌లు పెడతా, నువ్వు ఒక్కటీ పెట్టవు. గొంతు అంత కాస్ట్‌లీనా సార్?’

అతనికి నిజంగా ఒక కారణం ఉంది. చిన్నప్పుడు నత్తి ఉండేది. ఇప్పుడు చాలావరకు పోయింది. కానీ కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మొదటి మాట దగ్గర ఇప్పటికీ తడబడతాడు. రోజూ లాగే ‘అవును, నిమిషానికి వెయ్యి’ అని జోకుతో దాటేయొచ్చు. ఈసారి ఇలా రాశాడు:

‘నవ్వనంటే ఒకటి చెప్తా. చిన్నప్పుడు నాకు నత్తి. ఇప్పుడు పెద్దగా లేదు గానీ, వాయిస్ అంటే మాత్రం మొదటి మాట దగ్గర ఆగిపోతా. మామూలుగా రెండుసార్లు డిలీట్ చేసి మూడోది పంపుతా. నీకైతే ఐదో దానికీ ధైర్యం చాల్లేదు.’

ఈ నాలుగు ముక్కల్లో జరిగిన పని చాలానే ఉంది. మొదటిది, విషయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆమె అడిగిన ప్రశ్నకే అది అసలైన జవాబు. రెండోది, గాయం పాతది, చాలావరకు మానింది. ఓదార్చి తీరాల్సిన బరువును ఆమె మీద వేయలేదు. మూడోది, ‘డిలీట్ చేసి మూడోది పంపుతా’ అన్న చోట ఒక దృశ్యం ఉంది. ‘నాకు ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాసి ఉంటే ఆమెకు కనిపించేది ఏమీ ఉండేది కాదు. ఇక్కడ ఫోన్ పట్టుకుని తంటాలు పడుతున్న మనిషి కనిపిస్తాడు. నాలుగోది, చివరి వాక్యం. నీ దగ్గరికి వచ్చేసరికి భయం ఇంకొంచెం ఎక్కువ అంటున్నాడు. అంటే లోపలి మాట చెబుతూనే సరసాన్ని వదల్లేదు. ఆమె కావాలంటే నత్తి గురించి మాట్లాడవచ్చు, కావాలంటే ‘నేనంటే అంత భయమా’ అని ఆ చివరి తోకను పట్టుకోవచ్చు. రెండు తలుపులూ తీసే ఉన్నాయి.

ఎంత చిన్నది చిన్నది?

ఇదే విషయాన్ని అతను పాడుచేసుకోగల దారులు కనీసం మూడున్నాయి. అర్ధరాత్రి ఒంటిగంటకు, బడిలో పిల్లలు ఎలా వెక్కిరించారో, మాస్టారు అందరి ముందు ఎలా చదివించారో, పాత ప్రేయసి ఫోన్‌లో ఎలా విసుక్కుందో ఇరవై మెసేజ్‌లుగా రాయడం ఒకటి. ప్రతి ముక్కా నిజమే కావచ్చు. కానీ పొద్దున్నే డ్యూటీకి వెళ్లాల్సిన అమ్మాయికి అది చేతకాని పని అప్పగించినట్టు ఉంటుంది. ఆ చాట్‌లో ఇక పంచ్ వేయడానికి ఆమెకు మనసొప్పదు. సరసం అక్కడితో అయిపోతుంది, మిగిలేది జాలి.

రెండోది దీనికి తిరగేసింది. ‘నా బలహీనత ఏంటంటే నేను మరీ మంచివాణ్ణి, అందరినీ నమ్మేస్తా’ అనడం. ఇది ఒప్పుకోలు వేషంలో ఉన్న గొప్ప. ఇలా చాటుగా గొప్పలు చెప్పుకునేవారిపై 2018లో ఓవుల్ సెజర్, ఫ్రాన్సెస్కా జీనో, మైకేల్ నార్టన్ పరిశోధన ప్రచురించారు. నేరుగా గొప్పలు చెప్పుకునేవారి కన్నా వీరినే జనం తక్కువ ఇష్టపడ్డారని అందులో తేలింది. గొప్పకు గొప్పా ఉంది, పైగా దొంగతనం కూడా కనిపిస్తోంది కదా.

మూడోది, అవతలివాళ్లు జవాబు చెప్పక తప్పని మాట. ‘నన్నెవరూ ఇష్టపడరు, నువ్వూ వెళ్లిపోతావులే’ అని రాస్తే ఆమె ‘అలా ఏం లేదు’ అనడం తప్ప ఏమీ చేయలేదు. అది నిజం చెప్పడం కన్నా హామీపత్రం మీద సంతకం అడగడానికే దగ్గర.

మరి సరైన కొలత ఏది? పంపే ముందు ఒక్కసారి చూసుకుంటే చాలు. అవతలివాళ్లు ఒక్క వాక్యంలో హాయిగా జవాబు ఇవ్వగలరా? రేపు పొద్దున ఈ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇంకెవరికైనా వెళ్తే నాకు సిగ్గేస్తుందా, లేక బతుకే తలకిందులవుతుందా? మొదటిదానికి ‘ఇవ్వగలరు’ అని, రెండోదానికి ‘సిగ్గు మాత్రమే’ అని వస్తే అది చిన్నదే. లిఫ్టంటే భయం, ఒంటరిగా హోటల్లో తినలేకపోవడం, ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా మీటింగ్‌లో ఇంగ్లిష్ మాట్లాడాలంటే చెమటలు పట్టడం, అమ్మ ఫోన్ పెట్టేశాక ఇల్లు గుర్తొచ్చి కళ్లు తుడుచుకోవడం లాంటివి ఈ లెక్కలోకి వస్తాయి. ఇంట్లో అప్పులు, అక్క కాపురం గొడవలు, మందులు వాడుతున్న జబ్బు రావు. వాటిలో కొన్ని మన గుట్టే కాదు, ఇంటి గుట్టు. పెళ్లి మాటలదాకా వెళ్తే జబ్బు, అప్పు చెప్పి తీరాల్సినవే. అయితే అది ఎదురుగా కూర్చుని బాధ్యతగా చెప్పాల్సిన సంగతి, చాట్ మధ్యలో దగ్గరతనం కోసం వాడుకునేది కాదు.

ఎప్పుడు?

ఇదే నత్తి సంగతి పరిచయమైన రెండో రోజే చెప్పి ఉంటే? మాట అదే, మనిషీ అతనే. అయినా ఆమెకు వేరేలా వినిపించేది. అమెరికా మనస్తత్వవేత్త కెమిల్ వార్ట్‌మన్ బృందం 1976లో ప్రచురించిన పరిశోధనలో ఇదే పరీక్షించారు. ఒక మనిషి తన వ్యక్తిగత విషయాన్ని కొందరికి సంభాషణ మొదట్లోనే చెప్పాడు, కొందరికి చివర్లో చెప్పాడు. చివర్లో విన్నవాళ్లే అతన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. కారణం ఊహకు అందేదే. మొదట్లోనే చెప్పేస్తే ‘ఈయన ఎవరికైనా ఇలాగే చెప్పేస్తాడు’ అనిపిస్తుంది. కాసేపు మాట్లాడాక చెబితే ‘నన్ను చూసి చెప్పాడు’ అనిపిస్తుంది. ఆ ‘నన్ను చూసి’లోనే సరసానికి కావాల్సిన పసందు ఉంది.

చాట్‌లో ఆ వేళ వచ్చిందని పట్టుకోవడానికి గడియారం పనికిరాదు, జాడలు చూడాలి. మెసేజ్‌లు రెండు వైపుల నుంచీ దాదాపు సమంగా వస్తున్నాయా, లేక ఒకరే మొదలుపెడుతున్నారా? ‘మీరు’తో మొదలైన పరిచయమైతే అది తనంతట తానే ‘నువ్వు’ అయిందా? ఎప్పుడో చెప్పిన చిన్న సంగతిని అవతలివాళ్లు గుర్తుపెట్టుకుని అడిగారా? ఉదాహరణకు, ‘ఇవాళ నీ రివ్యూ అన్నావు, ఏమైంది’ అని. ఇక అన్నిటికన్నా స్పష్టమైన జాడ, ఆటపట్టిస్తూనే నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. ‘గొంతు అంత కాస్ట్‌లీనా’లో సెటైరు పైపూత, కింద కుతూహలం ఉంది. దాన్ని జోకుతో దాటేస్తే నష్టమేమీ లేదు, కానీ అవకాశం ఒకటి పోతుంది. ఈ జాడలేవీ లేనప్పుడు, ముఖ్యంగా అవతలి జవాబులు ‘హ్మ్’, ‘ఓకే’లకు కుదించుకుపోతున్నప్పుడు, చల్లబడుతున్న చాట్‌ను బతికించుకోవడానికి లోపలి మాట బయటికి తీస్తే అది పని చేయదు. జవాబు లేక నీలి టిక్కులు మాత్రమే మిగిలితే చిన్న మాట కూడా పెద్ద గాయమవుతుంది.

పరిమాణమూ వేళా కలిసి ఎలా పని చేస్తాయో ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన ప్రయోగం బాగా చూపిస్తుంది. అపరిచితులైన విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలు ఇచ్చారు. 45 నిమిషాల్లో ఒకరి తర్వాత ఒకరు జవాబు చెప్పుకోవాలి. ప్రశ్నలు మూడు భాగాలుగా, మెట్లు దిగినట్టు లోతుకు వెళ్తాయి. మొదటి భాగంలో ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో లోలోపల రిహార్సల్ చేసుకుంటావా అని అడుగుతారు. మూడో భాగానికి వచ్చాక ఇంకొకరి ముందు చివరిసారి ఎప్పుడు ఏడ్చావని అడుగుతారు. ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కన్నా వీళ్లకు దగ్గరతనం ఎక్కువ కలిగింది. 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వ్యాసం వల్ల ఇవి ‘ప్రేమలో పడేసే 36 ప్రశ్నలు’గా ఊరంతా పాకాయి గానీ, ఆరన్ ఉద్దేశం ప్రేమ పుట్టించడం కాదు, ప్రయోగశాలలో దగ్గరతనాన్ని కలిగించి పరిశీలించడం. మనకు పనికొచ్చేది ఆ వరస. మన రాజమండ్రి అబ్బాయి చెప్పింది దాదాపు ఫోన్ రిహార్సల్ మెట్టు మీద ఉంది. ఏడుపు మెట్టుకు ఇంకా చాలా దూరం.

పంపాక పది నిమిషాలు

పంపడం సగం పనే. మిగతా సగం అవతలివైపు జరుగుతుంది. పంపిన మనిషికి ఆ సగం నరకంలా ఉంటుంది. ‘టైపింగ్’ అని కనిపించి మాయమవుతుంది, మళ్లీ కనిపిస్తుంది. ఈ లోపు చేతులు ఊరుకోవు. ‘సారీ, ఎందుకో చెప్పేశా’, ‘లైట్ తీస్కో’ అని వెంటనే ఇంకో రెండు పంపడం, లేదా మెసేజ్‌నే చెరిపేయడం చాలామంది చేసే పని. చెరిపినట్టు గుర్తు అక్కడ ఎలాగూ మిగులుతుంది. క్షమాపణ చెబితే, అప్పటిదాకా తేలిగ్గా తీసుకున్న అవతలి మనిషికి కూడా ‘ఇది చెప్పకూడని సంగతి కాబోలు’ అనిపిస్తుంది. చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే.

ఆ భయం అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుందనడానికి ఆధారముంది. జర్మనీలోని మానహైమ్ విశ్వవిద్యాలయంలో అన్నా బ్రుక్, సహచరులు 2018లో ప్రచురించిన పరిశోధనలో మనుషులను ఇబ్బందికరమైన సందర్భాలు ఊహించుకోమన్నారు. ముందుగా ప్రేమ చెప్పడం, తప్పు ఒప్పుకోవడం, సాయం అడగడం లాంటివి. ఆ పని తాము చేసినట్టు ఊహించుకున్నవాళ్లు దాన్ని బలహీనతగా చూశారు, అదే పని వేరొకరు చేసినట్టు ఊహించుకున్నవాళ్లు మెరుగ్గా చూశారు. మన తడబాటు మనకు లోపలి నుంచి, అతి దగ్గరగా కనిపిస్తుంది. అవతలివాళ్లకు దానితోపాటు చెప్పిన ధైర్యమూ కనిపిస్తుంది.

ఇప్పుడు ఆమె వైపు చూద్దాం. జవాబు నాలుగు రకాలుగా రావచ్చు. ‘అయ్యో, స్పీచ్ థెరపీకి వెళ్లలేదా?’ అన్నది మంచి ఉద్దేశంతోనే వస్తుంది, కానీ అతను రోగిగా మారతాడు, ఆమె డాక్టరవుతుంది. ‘అదేం పెద్ద విషయం, నాకైతే...’ అని మొదలెట్టి తన కథ చెప్పుకుపోవడం రెండో రకం. అతని మాట విన్నట్టే ఉంటుంది, దాని మీద నిలబడదు. ఒక నవ్వు బొమ్మ పెట్టి వేరే సంగతికి వెళ్లిపోవడం మూడోది. నాలుగోది ఇలా ఉంటుంది:

‘నేనెందుకు నవ్వుతా. ఏ అక్షరం దగ్గర ఆగుతావు?’

‘ప. పేరు చెప్పాలంటే మరీ కష్టం, నా పేరే ప తో మొదలవుతుంది కదా.’

‘ఓహో, అందుకేనా పెళ్లిలో పేరడిగితే బ్యాడ్జి చూపించినట్టు నీ ఇన్‌స్టా చూపించావ్! నేను పొగరనుకున్నా.’

ఇంతవరకూ వచ్చాక ఆమె తన వంతు తీసుకుంది: ‘సరే, నాదొకటి. కౌంటర్‌లో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, ఇంటికెళ్లే దారిలో తేడా వచ్చిందేమోనని మళ్లీ లెక్కలు వేసుకుంటా. ఇంట్లో చెబితే పిచ్చంటారు.’

ముందు అతని సంగతి మీద ఒక ప్రశ్న, తర్వాత ఒక నవ్వు, ఆ తర్వాతే తన సంగతి, అదీ అంతే సైజుది. ఈ వరస కుదరడమే మలుపు. అమెరికాలో సుసాన్ స్ప్రెచర్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, అపరిచితులు ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా తమ గురించి చెప్పుకున్నప్పుడు, ఒకరే చెబుతూ మరొకరు వింటూ ఉన్నప్పటికన్నా ఇష్టం ఎక్కువ కలిగింది. తర్వాత పాత్రలు మార్చినా ఆ తేడా పోలేదు. అంటే ‘ఇవాళ నేను మొత్తం చెబుతా, రేపు నువ్వు చెప్పు’ అనే లెక్క కుదరదు. అప్పటికప్పుడే ఇచ్చిపుచ్చుకోవాలి. అలాగని ‘నేను చెప్పాను కదా, నువ్వూ చెప్పు’ అని వసూలు చేయడమూ పనికిరాదు. ఆమె తన సంగతి చెప్పకపోయినా ఆ ప్రశ్న అడిగిందంటే సగం తిరిగి ఇచ్చినట్టే.

ఆ రాత్రి అక్కడితో ఆపడం తెలివి. ఊపులో ఉన్నప్పుడు ఇంకో మెట్టు, ఇంకో మెట్టు దిగాలనిపిస్తుంది. మర్నాడు ఇద్దరికీ ఎక్కువ చెప్పేశామన్న బిడియం మొదలై, రెండు రోజులు ఎవరూ మెసేజ్ పెట్టకుండా ఉండిపోయే ప్రమాదముంది. ఒక సంగతి ఇచ్చాక మళ్లీ పాత అల్లరికి వెళ్లిపోవాలి. మూడు రోజుల తర్వాత ‘ఇవాళ క్యాష్ సరిపోయిందా మేడమ్, దారిలో మళ్లీ లెక్కపెట్టావా’ అని అతను అడిగితే, చెప్పింది దాచుకున్నాడని ఆమెకు తెలుస్తుంది. అదే మాట పదిమంది ఉన్న గ్రూపులో జోకుగా వేస్తే అక్కడితో సరి.

తెర మీది దగ్గరతనానికి హద్దు

చాట్‌లో ఇవన్నీ ముఖాముఖి కన్నా త్వరగా జరుగుతాయి. జోసెఫ్ వాల్తర్ 1996లోనే దీని తీరు వివరించాడు. రాసేవాడికి దిద్దుకునే సమయం ఉంటుంది కాబట్టి తనను మెరుగ్గా చూపించుకుంటాడు. చదివేవాళ్లు ఖాళీలను తమ ఊహతో, ఎక్కువగా మంచి ఊహతో నింపుకుంటారు. అందువల్ల తెర మీద పుట్టిన దగ్గరతనం ఒక్కోసారి అసలు పరిచయం కన్నా ముందుకు పరుగెడుతుంది. అందుకే లోపలి మాటలు నాలుగైదు అయ్యాక ఒక వాయిస్, ఒక ఫోన్ కాల్, నలుగురున్న చోట ఒక కాఫీ అవసరం. నత్తి ఉందని టైప్ చేసిన మనిషి ఎదుట కూర్చుని తడబడినప్పుడు ఎలా ఉంటుందో ఇద్దరూ చూడాలి.

ఇదే త్వర మోసగాళ్లకూ చుట్టం. నాలుగో రోజే తల్లి లేని బాధ, వ్యాపారంలో నష్టం, ‘నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు’ అన్న మాట వరసగా వచ్చి, ఆ వెనకే డబ్బో, ఫొటోలో, ‘ఎవరికీ చెప్పకు’ అన్న షరతో వస్తే ఆ ముందు మాటలన్నీ దానికోసం వేసిన ఎర. తేడా పసిగట్టడానికి ఒక్క గుర్తు చాలు. నిజమైన లోపలి మాట వినడం తప్ప ఏమీ అడగదు. డబ్బు పోయినా, ఫొటోలతో బెదిరించినా 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు, cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు. సిగ్గుపడి ఆలస్యం చేస్తే పోయిన డబ్బు వెనక్కి రావడం కష్టమవుతుంది.

మోసం లేకపోయినా ప్రతిసారీ కథ మన బ్యాంకు అమ్మాయి జవాబులా సాగదు. నవ్వు బొమ్మ ఒకటి వచ్చి, మాట మారిపోయి, మర్నాడు మళ్లీ ‘తిన్నావా’ అనే రావచ్చు. అప్పుడు అదే మాటను ఇంకొంచెం పెద్దది చేసి మళ్లీ చెప్పాలనిపిస్తుంది. ఆ కోరికను ఆపుకోవాలి. ఒకటి రెండుసార్లు తేలిగ్గా పోయిందంటే ఆమెకు ఆ రోజు తీరిక లేకపోయి ఉండవచ్చు. ప్రతిసారీ అలాగే పోతుంటే ఆమెకు కావాల్సింది సరదా కబుర్లే, అంతకు మించి కాదు. అందులో తప్పేమీ లేదు, ఆ సంగతి తెలియడం కూడా లాభమే. మనం ఇచ్చింది వాయిస్ మెసేజ్ అంటే భయమన్నంత చిన్న మాట కాబట్టి, ఆ జవాబును తట్టుకుని మర్నాడు ఇంకో సెటైరు వేయగలం. బడిలో పడ్డ అవమానమంతా ఆ రాత్రే ఇచ్చి ఉంటే అది సాధ్యమయ్యేది కాదు.